కంపెనీ వదిలాక 90 రోజుల విండో: వెస్ట్ అయిన ఆప్షన్లు కొనడానికి నిజంగా ఎంత డబ్బు కావాలి?

ప్రవీణ్_డి · 22 నవంబర్ 2025

అందరికీ నమస్కారం. అమెరికాలో ఒక స్టార్టప్‌లో 2021 నుంచి పనిచేసి, ఈ నెల 14న మానేశాను. వెంటనే వేరే ఉద్యోగంలో చేరాను. పాత కంపెనీలో వెస్ట్ అయిన, అంటే కొనే హక్కు నాకు వచ్చేసిన ఆప్షన్లు 24,000 ఉన్నాయి. అన్నీ ఐఎస్‌ఓలే, అంటే ఉద్యోగులకి పన్ను రాయితీతో ఇచ్చేవి. ఒక్కో షేరుకి నేను కట్టాల్సిన ధర, అంటే స్ట్రైక్ ప్రైస్, ఒకటిన్నర డాలర్. మార్చిలో కంపెనీ పన్ను కోసం చేయించిన 409ఎ వాల్యుయేషన్ ప్రకారం కామన్ షేరు విలువ 9 డాలర్లు.

మానేసిన రోజు నుంచి 90 రోజుల్లోపు కొనకపోతే అన్నీ పోతాయని ఒప్పందంలో ఉంది. అంటే నా లెక్కలో ఫిబ్రవరి 12 ఆఖరి రోజు. కొనడానికి 36,000 డాలర్లు కావాలి. నా దగ్గర పొదుపు 60,000 దాకా ఉంది, కానీ అందులో సగం ఇంటి అవసరాలకని పక్కన పెట్టింది. "36 వేలతో అయిపోదు, ఏఎంటీ అనే అదనపు పన్ను పడుతుంది" అని ఒక స్నేహితుడు చెప్పినప్పటి నుంచి టెన్షన్ మొదలైంది. మొత్తం ఎంత చేతిలో పెట్టుకోవాలి? ఎప్పుడు కట్టాలి? నేను సింగిల్‌గా ఫైల్ చేస్తాను, ఏడాది జీతం మొత్తం కలిపి లక్షా 60 వేలు, వచ్చే ఏడాదీ అంతే ఉంటుంది. మా రాష్ట్రంలో ఆదాయపన్ను లేదు.

శ్రీలక్ష్మి_ఎం · 22 నవంబర్

ప్రవీణ్ గారూ, నేను మానేసినప్పుడు ఆప్షన్లు కొంటానని చెప్పగానే కంపెనీ వాళ్లు "ముందు టీడీఎస్ డబ్బు కూడా పంపండి, అప్పుడే షేర్లు అలాట్ చేస్తాం" అన్నారు. షేరు విలువకీ నేను కట్టే ధరకీ మధ్య తేడా మొత్తాన్ని జీతంగా లెక్కేసి, స్లాబ్ ప్రకారం పన్ను పట్టుకున్నారు. నేను ఉన్న 30 శాతం స్లాబ్‌లో అది స్ట్రైక్ డబ్బు కంటే ఎక్కువైంది. పన్నును వాయిదా వేసుకునే వీలు ఉందని ఎక్కడో చదివి అడిగాను. అది ప్రభుత్వ సర్టిఫికెట్ ఉన్న కొన్ని స్టార్టప్‌లకే అట, పైగా ఉద్యోగం మానేస్తే ఆ వాయిదా కూడా ఆగిపోతుందట. మీకూ ముందే పన్ను కట్టమంటారు, దానికి సిద్ధంగా ఉండండి.

కాత్యాయని · 22 నవంబర్

శ్రీలక్ష్మి గారు చెప్పింది ఇండియా కంపెనీ సంగతి, అక్కడికి అది సరైనదే. ప్రవీణ్ గారిది వేరు. ఐఎస్‌ఓలు ఎక్సర్‌సైజ్ చేసేటప్పుడు అమెరికా కంపెనీ పన్ను పట్టుకోదు. 36,000 కడితే షేర్లు వచ్చేస్తాయి. ప్రమాదం కూడా అక్కడే ఉంది. ఎవరూ ఏమీ పట్టుకోరు కాబట్టి పని అయిపోయిందనిపిస్తుంది, తర్వాత ఏప్రిల్‌లో రిటర్న్ వేసేటప్పుడు ఏఎంటీ లెక్క వేసే ఫారం 6251లో బయటపడుతుంది.

స్టార్టప్‌ల స్టాక్ ప్లాన్లు చూసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. మీరు కట్టే ధర 1.50, షేరు విలువ 9. తేడా 7.50. దాన్ని 24,000తో గుణిస్తే లక్షా 80 వేలు. మామూలు పన్ను లెక్కలో ఇది ఆదాయం కాదు. ఆల్టర్నేటివ్ మినిమమ్ ట్యాక్స్, అంటే ఏఎంటీ అనే రెండో లెక్కలో మాత్రం ఆదాయమే. రెండు లెక్కలూ వేసి ఏది ఎక్కువైతే అది కట్టాలి.

మీ 2025 మామూలు పన్ను: జీతం 1,60,000లో స్టాండర్డ్ డిడక్షన్ 15,750 తీసేస్తే 1,44,250 మీద దాదాపు 27,470 డాలర్లు. ఏఎంటీ పక్కన స్టాండర్డ్ డిడక్షన్ ఉండదు, దాని బదులు 88,100 మినహాయింపు ఉంటుంది. ఆప్షన్లు కొనకపోతే ఆ లెక్క 18,690 దగ్గరే ఆగుతుంది. ఈ రెండిటి మధ్య ఉన్న దాదాపు 8,770 డాలర్ల ఖాళీయే మీకు అసలైన ఆస్తి. ఆ ఖాళీ నిండేదాకా కొన్న ఆప్షన్ల మీద ఏఎంటీ ఒక్క డాలర్ కూడా పడదు. 26 శాతం రేటుతో చూస్తే 33,700 డాలర్ల తేడా దాకా, అంటే సుమారు 4,500 ఆప్షన్లు.

మొత్తం 24,000 డిసెంబర్‌లోనే కొనేస్తే ఏఎంటీ దాదాపు 38,300 వస్తుంది. స్ట్రైక్ డబ్బుతో కలిపి 74,300. మీ పొదుపు చాలదు.

ప్రవీణ్_డి · 22 నవంబర్

38 వేలా! అమ్ముకోలేని షేర్ల మీద, చేతికి రూపాయి రాని లాభం మీద అంత పన్నా? కంపెనీ ఇంకా ప్రైవేట్‌గానే ఉంది, అమ్ముదామన్నా కొనేవాళ్లు లేరు.

రఘు_టి · 23 నవంబర్

దీనికి సులువైన దారి ఉంది. మీ పాత మేనేజర్‌ని అడిగి అడ్వైజర్‌గా నెలకు రెండు గంటలు కొనసాగండి. ప్లాన్‌లో "సర్వీస్ ముగిసిన తర్వాత 90 రోజులు" అనే కదా ఉంటుంది. సర్వీస్ ముగియకపోతే విండో మొదలవదు. మా టీమ్‌లో ఇద్దరు ఇలాగే చేసి ఏడాదిన్నరగా ఉన్నారు. పైసా కట్టక్కర్లేదు.

కాత్యాయని · 23 నవంబర్

రఘు గారూ, మీరు చెప్పింది సగం వరకు సరైనదే. చాలా ప్లాన్లలో కన్సల్టెంట్‌గా చేసినా సర్వీస్ కొనసాగినట్టే లెక్క, కాబట్టి ఆప్షన్లు రద్దు కావు. కానీ ఐఎస్‌ఓ అనే హోదా ప్లాన్ ఇచ్చేది కాదు, పన్ను చట్టం ఇచ్చేది. ఉద్యోగి కాకుండా పోయిన మూడు నెలల్లోపు కొంటేనే ఆ హోదా నిలుస్తుంది. అడ్వైజర్ ఉద్యోగి కాడు. నాలుగో నెలలో మీ టీమ్‌మేట్ల ఆప్షన్లు ఎన్‌ఎస్‌ఓలుగా, అంటే ఆ రాయితీ లేని మామూలు ఆప్షన్లుగా మారిపోయి ఉంటాయి.

మారితే ఏమవుతుందో ప్రవీణ్ గారి అంకెలతోనే చెప్తాను. ఎన్‌ఎస్‌ఓ కొంటే ఆ లక్షా 80 వేలు నేరుగా జీతం కిందకి వస్తాయి. కంపెనీ 22 శాతం ఆదాయపన్ను, దాని మీద సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపి 30 శాతానికి దగ్గరగా ముందే వసూలు చేస్తుంది. అది 53,000 పైమాటే. స్ట్రైక్‌తో కలిపి 89,000 పంపితేగానీ షేర్లు ఇవ్వరు. ఆయన స్లాబ్ 22 కంటే ఎక్కువ కాబట్టి ఏప్రిల్‌లో ఇంకొంత కట్టాలి. శ్రీలక్ష్మి గారి అనుభవం ఈ ఎన్‌ఎస్‌ఓకి దగ్గరగా ఉంటుంది.

ఇంకో మాట. అడ్వైజర్ ఒప్పందం నవంబర్ 14 కంటే ముందే, సర్వీస్‌లో విరామం లేకుండా జరిగి ఉండాలి. ఇప్పుడు మేనేజర్‌ని అడిగితే ఆగిపోయిన సర్వీస్ మళ్లీ అతకదు. ప్లాన్ భాషను బట్టి బోర్డు ఆమోదం కావాల్సి రావచ్చు.

రఘు_టి · 23 నవంబర్

ఎన్‌ఎస్‌ఓగా మారుతుందన్న సంగతి వాళ్లకి ఎవరూ చెప్పలేదు. ఈ రోజే చెప్తాను. అయినా ఒకటి: ఇప్పుడే 36 వేలు పెట్టే బదులు, కంపెనీ ఏదో ఒక దారి పట్టేదాకా ఆగడం మంచిదే కదా? కంపెనీ అమ్ముడైన రోజే ఎన్‌ఎస్‌ఓ కొని అదే రోజు అమ్మేస్తే సొంత డబ్బు అక్కర్లేదు. పన్ను ఎక్కువైనా నష్టపోయే ప్రమాదం లేదు.

కాత్యాయని · 23 నవంబర్

ఆ మాట ఒప్పుకుంటాను. పన్ను ఎక్కువ, ప్రమాదం తక్కువ. ఆప్షన్లు నిలిచి ఉండే అవకాశం ఉన్నవాళ్లకి అది న్యాయమైన బేరమే.

మానస_వి · 23 నవంబర్

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఇంకా వెస్ట్ కాని ఆప్షన్లని కూడా ముందే కొని, 30 రోజుల్లో 83(బి) అనే పన్ను ఎంపిక పత్రం ఫైల్ చేస్తే పన్ను ఉండదని విన్నాను. ప్రవీణ్ గారు అలా చేయొచ్చు కదా?

కాత్యాయని · 23 నవంబర్

మానస గారూ, అది ఉద్యోగంలో ఉన్నవాళ్లకి, అదీ ప్లాన్ ముందస్తు ఎక్సర్‌సైజ్‌ని ఒప్పుకుంటేనే. ప్రవీణ్ గారి వెస్ట్ కాని ఆప్షన్లు నవంబర్ 14నే రద్దయ్యాయి. మీరు ఇంకా ఉద్యోగంలో ఉంటే, షేరు విలువ స్ట్రైక్‌కి దగ్గరగా ఉన్నప్పుడే దాని గురించి ఆలోచించండి. విడిగా ఒక చర్చ మొదలుపెడితే అక్కడ మాట్లాడుకుందాం.

ఇక ప్రవీణ్ గారికి అసలు విషయం. మీ విండోలో ఒక అదృష్టం ఉంది. అది రెండు పన్ను సంవత్సరాల మీద పడింది. డిసెంబర్ 31 దాకా కొన్నవి 2025లోకి, జనవరి 1 నుంచి ఫిబ్రవరి 12 దాకా కొన్నవి 2026లోకి వెళ్తాయి. ఇందాక చెప్పిన ఆ ఖాళీ మీకు రెండుసార్లు దొరుకుతుంది.

2026కి మినహాయింపు 90,100. అదే జీతంతో లెక్కేస్తే మామూలు పన్ను దాదాపు 27,130, ఖాళీ సుమారు 8,960. అంటే జనవరిలో మరో 4,590 ఆప్షన్ల దాకా ఏఎంటీ లేకుండా కొనొచ్చు. ఇప్పుడు 4,500, జనవరిలో 4,500 కొంటే మొత్తం 9,000 షేర్లకు మీరు పెట్టేది 13,500 డాలర్లు మాత్రమే. పన్ను సున్నా.

ఆ గీత దాటాక ప్రతి షేరు ఖరీదూ మారిపోతుంది. స్ట్రైక్ 1.50కి తోడు 7.50 మీద 26 శాతం, అంటే 1.95 పన్ను. షేరు మీకు 3.45కి పడుతుంది. మిగతా 15,000 షేర్లకు అలా 51 వేల పైన. కాబట్టి "36 వేలు పెట్టాలా వద్దా" అని కాకుండా రెండు ప్రశ్నలుగా విడగొట్టుకోండి. మొదటి 9,000 షేర్లని 1.50కి కొంటారా? తర్వాతి 15,000 షేర్లని 3.45కి కొంటారా? రెండిటికీ ఒకే జవాబు ఉండాలని లేదు.

ప్రవీణ్_డి · 24 నవంబర్

ఇలా ఎవరూ చెప్పలేదు. నా స్నేహితుడు అన్నీ జనవరిలో కొనేస్తే పన్ను ఏడాది ఆలస్యమవుతుంది కదా అన్నాడు. దానికీ దీనికీ తేడా ఎంత?

కాత్యాయని · 24 నవంబర్

ఆలస్యం నిజమే. డిసెంబర్‌లో కొన్నదాని ఏఎంటీ 2026 ఏప్రిల్ 15కి కట్టాలి. జనవరిలో కొన్నదానిది 2027 ఏప్రిల్ 15కి. కానీ అన్నీ జనవరికి నెట్టేస్తే 2025 ఖాళీ వృథా అవుతుంది, దాదాపు 9 వేలు అదనంగా కట్టినట్టే.

24,000 మొత్తం కొనాలనుకుంటే ఇప్పుడు 4,500, జనవరిలో 19,500 కొనండి. ఏఎంటీ అప్పుడు 29,000 చిల్లర అవుతుంది. సగం సగం కొన్నా మొత్తం దాదాపు అంతే వస్తుంది, కానీ అందులో సగం వచ్చే ఏప్రిల్‌లోనే కట్టాలి. మొదటి పద్ధతిలో అంతా 2027 ఏప్రిల్‌కి వెళ్తుంది. ఆ లోపు కంపెనీ సంగతి మీకు ఇంకొంచెం తెలుస్తుంది.

ఒక షరతు ఉంది. 2027 ఏప్రిల్ దాకా ఆగితే అండర్‌పేమెంట్ పెనాల్టీ పడకూడదంటే, 2026లో జీతం నుంచి పట్టుకున్న పన్ను మీ 2025 పన్నులో 110 శాతం ఉండాలి. మీ ఆదాయం లక్షా 50 వేలు దాటింది కాబట్టి 100 శాతం చాలదు. అంటే దాదాపు 30,200. మామూలుగా మీకు 27 వేల పైచిలుకు పట్టుకుంటారు. కొత్త కంపెనీలో డబ్ల్యూ-4 మార్చి ఏడాదిలో ఇంకో మూడు వేలు ఎక్కువ పట్టుకోమనండి. 2025లో ఏఎంటీ సున్నాగా ఉంచుకోవడానికి ఇది ఇంకో కారణం. ఈ ఏడాది పన్ను పెరిగితే ఆ 110 శాతం కూడా పెరుగుతుంది.

వంశీ_కె · 24 నవంబర్

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు ఇది చదివి ఇవే అంకెలు వాడకండి. రాష్ట్రానికి కూడా సొంత ఏఎంటీ ఉంది, 7 శాతం. దాని మినహాయింపు వేరు, ఖాళీ కూడా వేరు. రెండు లెక్కలూ వేసి, ఏఎంటీ లేకుండా కొనగలిగే ఆప్షన్లు దేంట్లో తక్కువ వస్తే దాన్నే పట్టుకోవాలి.

నాగేంద్ర_పి · 24 నవంబర్

పన్ను లెక్కలు బాగున్నాయి. నాకు మాత్రం 9 డాలర్లు అన్న ఆ అంకె మీదే అనుమానం. అది ఎవరూ మీకు ఇస్తానన్న ధర కాదు, పన్ను కోసం వేసిన అంచనా. మా అన్నయ్య పనిచేసిన కంపెనీలో 409ఎ ఆరు డాలర్లు ఉండగా కొన్నాడు. రెండేళ్ల తర్వాత కంపెనీ అమ్ముడైంది, అమ్మిన డబ్బంతా ఇన్వెస్టర్లకు అందరికంటే ముందు ఇవ్వాల్సిన వాటాకే, అంటే లిక్విడేషన్ ప్రిఫరెన్స్‌కే సరిపోయింది. కామన్ షేర్లకు ఏమీ మిగల్లేదు. అన్నయ్యకి స్ట్రైక్ డబ్బు పోయింది, పైగా ఏఎంటీ కట్టి ఉన్నాడు. కంపెనీ ఎంత పెట్టుబడి తెచ్చిందో తెలియకుండా ఒక్క షేరు కూడా కొనొద్దు. అది 1.50 అయినా సరే.

ప్రవీణ్_డి · 24 నవంబర్

మానేసినవాడికి ఆ వివరాలు ఎవరు చెప్తారండీ? హెచ్‌ఆర్‌ని అడిగితే "గోప్యం" అన్నారు.

కాత్యాయని · 25 నవంబర్

నాగేంద్ర గారి ప్రశ్న అందరూ మొదట అడగాల్సింది. దానికి జవాబు చాలావరకు బహిరంగంగానే దొరుకుతుంది. కంపెనీ డెలవేర్‌లో నమోదై ఉంటే దాని సర్టిఫికెట్ ఆఫ్ ఇన్‌కార్పొరేషన్ తాజా కాపీని అక్కడి డివిజన్ ఆఫ్ కార్పొరేషన్స్ దగ్గర ఫీజు కట్టి తెప్పించుకోవచ్చు. హెచ్‌ఆర్ అనుమతి అక్కర్లేదు. అందులో ప్రతి ప్రిఫర్డ్ సిరీస్‌కీ ఎన్ని షేర్లు అనుమతించారో, ఒరిజినల్ ఇష్యూ ప్రైస్ ఎంతో ఉంటుంది. ఒకదాన్ని ఇంకోదానితో గుణించి అన్ని సిరీస్‌లూ కూడితే, అమ్మకం రోజున కామన్ కంటే ముందు ఎంత డబ్బు వెళ్లిపోతుందో ఇంచుమించు తెలుస్తుంది. ప్రిఫరెన్స్ ఒక రెట్టా, రెండు రెట్లా, దాని పైన లాభంలో కూడా వాటా తీసుకుంటారా అన్నది కూడా అందులోనే రాసి ఉంటుంది.

మీ కంపెనీ 6 కోట్ల డాలర్లు తెచ్చి, ప్రిఫరెన్స్ ఒక రెట్టు మాత్రమే ఉందనుకోండి. 6 కోట్ల లోపు అమ్ముడైతే మీ షేరు విలువ సున్నా. 30 కోట్లకి అమ్ముడైతే ఇన్వెస్టర్లు తమ షేర్లని కామన్‌గా మార్చుకుని మీతో సమానంగా పంచుకునే అవకాశం ఎక్కువ. 9 డాలర్ల అంకె కంటే ఈ రెండు అంచులు తెలుసుకోవడమే ముఖ్యం.

నాగేంద్ర గారి అన్నయ్య విషయంలో ఒకటి చెప్పాలి. ఆయన కట్టిన ఏఎంటీ మొత్తం పోయినట్టు కాకపోవచ్చు. ఐఎస్‌ఓ వల్ల కట్టిన ఏఎంటీ తర్వాతి సంవత్సరాలకు క్రెడిట్‌గా వస్తుంది, ఫారం 8801 వేయాలి. మామూలు పన్ను ఏఎంటీ లెక్క కంటే ఎంత ఎక్కువ ఉంటే ఆ ఏడాది అంత వరకే వెనక్కి ఇస్తారు. ప్రవీణ్ గారి జీతంతో అయితే ఏడాదికి తొమ్మిది వేలకు దగ్గరగా. 29,000 తిరిగి రావడానికి మూడేళ్లు దాటుతుంది. కంపెనీ మూతపడినా ఆ క్రెడిట్ మిగిలే ఉంటుంది. చాలామంది ఆ ఫారం వేయడం మానేసి డబ్బు వదులుకుంటున్నారు.

నాగేంద్ర_పి · 25 నవంబర్

ఈ సంగతి తెలియదు. అన్నయ్య 2022లో కట్టాడు, ఆ తర్వాత ఫారం 8801 వేశాడో లేదో ఈ రోజే అడుగుతాను. అయినా నా మాట మారదు. మూడేళ్ల పాటు 29 వేలు వడ్డీ లేకుండా ప్రభుత్వం దగ్గర పెట్టడమూ ఖర్చే.

హరిబాబు · 26 నవంబర్

డబ్బు సమస్యే అయితే, ఆప్షన్లు కొనడానికి డబ్బిచ్చే సంస్థలు ఉన్నాయి. స్ట్రైక్, పన్ను రెండూ వాళ్లే ఇస్తారు. కంపెనీ మునిగితే మీరు తిరిగి కట్టక్కర్లేదు, లాభం వస్తే వాటా తీసుకుంటారు. క్రెడిట్ యూనియన్‌లో పర్సనల్ లోన్ కంటే వెయ్యి రెట్లు నయం.

కాత్యాయని · 26 నవంబర్

పర్సనల్ లోన్ వద్దన్నది వందశాతం నిజం. షేరు సున్నా అయినా ఆ అప్పు మిగిలే ఉంటుంది. ఆ సంస్థల విషయానికొస్తే, వాళ్లు తీసుకునే వాటాతో పాటు ఫీజు, ఏటా పెరిగే వడ్డీ లాంటి భాగం ఉంటే అదీ కలిపి, షేరు 9కి, 20కి, 40కి అమ్ముడైతే మీ చేతికి ఎంత వస్తుందో రాతపూర్వకంగా అడగండి. ఒక్క శాతం చూసి సంతకం చేయొద్దు. చాలా కంపెనీల బైలాల్లో బోర్డు అనుమతి లేకుండా షేర్ల హక్కుని ఎవరికీ బదిలీ చేయకూడదని ఉంటుంది. మీ ఒప్పందం ఆ నిబంధనకి తగిలితే కంపెనీ అడ్డుపడొచ్చు. ఇక వాళ్లు తమ పరిశీలన ముగించి డబ్బు పంపడానికి వారాలు పడుతుంది, ఫిబ్రవరిలో మొదలుపెడితే కుదరదు.

ప్రవీణ్_డి · 3 డిసెంబర్

కొత్త సంగతి. పాత కంపెనీ హెచ్‌ఆర్‌తో మాట్లాడాను. నాలుగేళ్లు దాటినవాళ్లకి విండోని 90 రోజుల నుంచి ఐదేళ్లకు పొడిగించే ఆలోచన బోర్డు దగ్గర ఉందట. ఈ నెలాఖరులో ఉత్తరం రావచ్చన్నారు. ఇక ఏమీ కొనకుండా ఆగొచ్చు కదా? చాలా తేలికగా అనిపిస్తోంది.

రఘు_టి · 3 డిసెంబర్

శుభం! ఇక దేని గురించీ ఆలోచించకండి. ఐదేళ్లు పైసా ఖర్చు లేదు.

కాత్యాయని · 3 డిసెంబర్

ఆగండి. ఇక్కడే చాలామంది జారేది. విలువ 9 ఉన్నప్పుడు 1.50 స్ట్రైక్ ఉన్న ఐఎస్‌ఓ గడువు పొడిగిస్తే, పన్ను చట్టం దాన్ని కొత్తగా ఇచ్చిన ఆప్షన్‌గా చూస్తుంది. కొత్త ఐఎస్‌ఓకి స్ట్రైక్ ఆ రోజు విలువ కంటే తక్కువ ఉండకూడదు. మీది తక్కువ. అంటే పొడిగింపుకి ఒప్పుకున్న రోజే మొత్తం ఎన్‌ఎస్‌ఓ అవుతుంది. ఫిబ్రవరి 12 లోపు కొన్నా సరే, ఐఎస్‌ఓ ప్రయోజనం దక్కదు.

ఇంకా సూక్ష్మమైనది ఒకటుంది. ఆ ఆఫర్ 30 రోజులు లేదా అంతకంటే ఎక్కువ తెరిచి ఉంటే, మీరు ఒప్పుకోకపోయినా మార్పు జరిగినట్టే లెక్క, అదీ ఆఫర్ ఇచ్చిన తేదీ నుంచే. అందుకే జాగ్రత్తగా ఉండే కంపెనీలు ఇలాంటి ఆఫర్‌ని 30 రోజుల కంటే తక్కువ గడువుతో ఇస్తాయి. మీ కంపెనీ లాయర్ చూసుకునే ఉంటారు, కానీ ఉత్తరంలో గడువు తేదీ మీరే చూడండి.

పొడిగింపు చెడ్డదని కాదు. నేనైతే రెండిటినీ కలిపి వాడతాను. కొనేసిన ఆప్షన్ ఇక ఆప్షన్ కాదు, షేరు. పొడిగింపు దాన్ని తాకదు. ఉత్తరం రాకముందే ఏఎంటీ పడని ఆ 4,500 కొనేయండి, 6,750 డాలర్లే. ఆఫర్ 30 రోజుల లోపుదైతే, దాని గడువు జనవరిలోకి వెళ్తే, జనవరి మొదటి వారంలో ఇంకో 4,500 కొని, మిగతా 15,000కి పొడిగింపు ఒప్పుకోండి. నాగేంద్ర గారి భయం కూడా ఆ 15,000 విషయంలో తీరుతుంది. ఐదేళ్లలో కంపెనీ ఏమవుతుందో చూసి, అమ్ముడైన రోజే ఎన్‌ఎస్‌ఓగా కొని అమ్మొచ్చు. పన్ను ఎక్కువే, కానీ 3.45 చొప్పున ఇప్పుడే 51 వేలు పెట్టనక్కర్లేదు.

నాగేంద్ర_పి · 4 డిసెంబర్

ఇది నాకూ నచ్చింది. కానీ డెలవేర్ కాగితం చూశాకే కొనండి ప్రవీణ్ గారూ.

ప్రవీణ్_డి · 11 డిసెంబర్

కాగితం తెప్పించాను. కూడితే 5 కోట్ల 20 లక్షలు వచ్చింది, అన్నీ ఒక రెట్టు ప్రిఫరెన్స్, లాభంలో అదనపు వాటా లేదు. కంపెనీ ఆదాయం గురించి నాకు తెలిసినంతలో ఆ అంచు దాటుతుందనే నమ్మకం ఉంది. పూర్తిగా పోయినా తట్టుకోగలిగే డబ్బు 15 వేల దాకా అని లెక్కేసుకున్నాను. కాబట్టి 4,500 ఇప్పుడే కొంటున్నాను. పోర్టల్‌లో రిక్వెస్ట్ పెట్టాను, డబ్బు ఏసీహెచ్‌లో పంపమంటోంది. 30వ తేదీన పంపినా 2025లోకే వస్తుందా?

కాత్యాయని · 11 డిసెంబర్

30 దాకా ఆగకండి. రిక్వెస్ట్ నొక్కిన రోజు ఎక్సర్‌సైజ్ అయినట్టు కాదు. చాలా ప్లాన్లలో సంతకం చేసిన నోటీసు, పూర్తి డబ్బు రెండూ కంపెనీకి అందిన రోజే లెక్క. ఏసీహెచ్‌కి కొన్ని పనిదినాలు పడుతుంది, పైగా బ్యాంకు రోజువారీ పరిమితి దాటితే వెనక్కి తిరిగొస్తుంది. సెలవుల వారంలో కంపెనీ తరఫున ఆమోదించేవాళ్లు కూడా దొరకరు. ఈ వారమే వైర్ చేయండి. పూర్తయ్యాక షేర్ల సర్టిఫికెట్ మీద, ఎక్సర్‌సైజ్ కన్ఫర్మేషన్ మీద ఏ తేదీ ఉందో చూసి కాపీ దాచుకోండి. జనవరి నెలాఖరుకి కంపెనీ ఫారం 3921 పంపుతుంది, అందులో ఆ తేదీ, ఆ రోజు విలువ రెండూ ఉంటాయి. 9 కాకుండా ఇంకేదైనా ఉంటే వెంటనే అడగండి.

ఆఖరి రోజు విషయంలోనూ అంతే. చట్టం మూడు నెలలంటే ఫిబ్రవరి 14 దాకా వస్తుంది, మీ ఒప్పందం, అంటే గ్రాంట్ అగ్రిమెంట్, 90 రోజులంటే 12తోనే ఆగుతుంది. ఒప్పందమే లెక్క.

మానస_వి · 12 డిసెంబర్

నా ఆఫర్ లెటర్‌లో గడువు గురించి ఏమీ లేదు. గ్రాంట్ అగ్రిమెంట్ అంటే అదేనా, వేరే కాగితమా?

కాత్యాయని · 12 డిసెంబర్

వేరే కాగితం. పోర్టల్‌లో గ్రాంట్ పక్కనే ఉంటుంది, దానితో పాటు స్టాక్ ప్లాన్ కూడా. మానేయకముందే రెండూ డౌన్‌లోడ్ చేసుకోండి. మానేశాక ఆఫీస్ ఈమెయిల్‌తో ఉన్న లాగిన్ పోతే తెరవడం కష్టం, వ్యక్తిగత ఈమెయిల్ కూడా ఇప్పుడే జోడించండి.

ప్రవీణ్_డి · 18 డిసెంబర్

వైర్ వెళ్లింది, సర్టిఫికెట్ మీద డిసెంబర్ 16 ఉంది. పొడిగింపు ఉత్తరం ఇంకా రాలేదు. కానీ ఒక పాత సహోద్యోగి, జనవరిలో కొత్త పెట్టుబడి రౌండ్ ముగియబోతోందని చెప్పాడు. అదే జరిగితే రెండో 4,500 సంగతి?

కాత్యాయని · 18 డిసెంబర్

రౌండ్ ముగిస్తే పాత 409ఎ మీద ఆధారపడలేరు, కొత్తది వచ్చేదాకా చాలా కంపెనీలు ఎక్సర్‌సైజ్‌లు ఆపేస్తాయి కూడా. అలా ఆపితే మీ 90 రోజులు ఆగుతాయా లేదా అన్నది ప్లాన్‌లో చూడాలి, అన్నిట్లోనూ ఆగవు. విలువ 9 నుంచి 14కి పెరిగిందనుకోండి, తేడా 12.50 అవుతుంది, ఏఎంటీ పడకుండా కొనగలిగేవి 4,590 నుంచి దాదాపు 2,750కి తగ్గుతాయి. జనవరి 2న బ్యాంకులు తెరుచుకుంటాయి. ఆ రోజే వైర్ పంపేలా నోటీసు సిద్ధం చేసుకోండి, రౌండ్ ఎప్పుడు ముగుస్తుందో మాత్రం మీ చేతిలో లేదు.

నాగేంద్ర_పి · 18 డిసెంబర్

కొత్త రౌండ్ వస్తే ప్రిఫరెన్స్ కూడా పెరుగుతుంది, మీ 5 కోట్ల 20 లక్షల లెక్క మారుతుంది. రెండో 4,500 కొనేముందు కొత్త సర్టిఫికెట్ నమోదైందేమో మళ్లీ చూడండి.

ప్రవీణ్_డి · 19 డిసెంబర్

చూస్తాను. కొత్త షరతులు తెలియకముందే జనవరి 2న కొనాలా, తెలిశాక ఎక్కువ పన్నుతో కొనాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. నోటీసు మాత్రం నింపి పెట్టాను.